మేనమామ చూడకూడని పన్ను

మా మనవరాలు శ్రావ్యకి పై చిగురు ముందు ఉబ్బింది. కింద చిగురు నున్నగా ఉంది, పైన మాత్రం వేలు పెడితే గట్టిగా తగిలింది. వేలు తగిలిన ఆ క్షణాన నా కళ్ళ ముందు కనబడింది పాప కాదు, నా కొడుకు రాంబాబు.

మా వైపు ఏ బిడ్డకైనా కింద పళ్ళు ముందు రావాలి. పై పళ్ళు ముందొస్తే మేనమామకి గండం అంటారు. శాంతి చేయించి, మేనమామ నూనె గిన్నెలో బిడ్డ నీడ చూడాలి. అప్పటిదాకా బిడ్డ మొహం నేరుగా చూడకూడదు. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం! నా కూతురు శిరీషకి కూడా పై పళ్ళే ముందొచ్చాయి. అప్పుడు నేనూ నవ్వాను. ఆ ఏడాది తుఫానులో కొల్లేట్లో పడవ తిరగబడి మా అన్నయ్య ఏడుకొండలు పోయాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ నవ్వలేదు.

నా పేరు పెద్దింటమ్మ. మాది కలిదిండి దాటాక చేపల చెరువుల మధ్య ఊరు. మా ఆయన పోయాక ఇద్దరు పిల్లల్ని చేపలమ్మి పెంచాను. ఊళ్ళో ఏ పసిబిడ్డ ఏడ్చినా తల్లులు నా దగ్గరికే పరిగెత్తుకొస్తారు. ఏడుపు విని కడుపునొప్పో, చెవిపోటో, వట్టి పేచీయో చెప్పేస్తాను. నా నోటికి భయపడి కొందరు, నా అనుభవానికి కొందరు ఎదురు చెప్పరు. అలా ఎదురులేకుండా బతకడం నాకు అలవాటైపోయింది.

అల్లుడికి తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో పని. సీజన్‌లో మనిషి ఇంటిపట్టున ఉండడని శిరీష పాపని తీసుకుని మా ఇంటికొచ్చింది. పాప అప్పుడప్పుడే పాకుతోంది. దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటోంది. చొంగ ధారగా కారి గడ్డం కింద ఎర్రగా కందింది. రబ్బరు చేప బొమ్మ ఒకటుండేది, దాన్ని కసిగా కొరికేది. అది కింద పడ్డప్పుడల్లా నేను చెరువు రేవులో ముంచి మళ్ళీ చేతికిచ్చేదాన్ని. తాగడానికి టిన్ను నీళ్ళు కొంటాం కానీ, బొమ్మలు కడగడానికి కూడా టిన్ను నీళ్ళేనా అని నా లెక్క.

చిగురు చూసిన సాయంత్రమే రాంబాబుని పెరట్లోకి పిలిచాను. వాడికి ట్రాలీ ఆటో ఉంది, చెరువులకి మేత బస్తాలు తోలతాడు.

"ఒరేయ్, నువ్వు నాలుగు రోజులు చెరువుగట్టు మీద షెడ్డులోనే పడుకో. ఇంటికి రాకు. క్యారేజీ నేను పంపిస్తా."

"ఎందుకే? ఏం చేశాను నేను?"

"నువ్వేం చెయ్యలేదు. పాపకి పై పన్ను వస్తోంది. పంతులు గారు శాంతికి బుధవారం చెప్పారు. అందాకా దాని మొహం చూడకు."

వాడు పకపకా నవ్వాడు. "వేలెడంత లేదు, అది నన్నేం చేస్తదే? చేపలోళ్ళ మనవరాలు కదా, చేపలా కొరుకుతుందేమో!"

"నోర్ముయ్! మీ మామయ్య కూడా ఇలాగే పరాచికాలాడాడు" అన్నాను. నా కళ్ళలో నీళ్ళు చూసి వాడు నవ్వాపేశాడు. మారుమాట్లాడకుండా దుప్పటి చంకన పెట్టుకుని గట్టు మీదికి పోయాడు. శిరీష అడిగితే గణపవరం లోడుకి వెళ్ళాడని చెప్పాను. దానికి ఈ పట్టింపులంటే ఒళ్ళుమంట. నిజం చెబితే గొడవ చేస్తుందని నా భయం.

ఆ మర్నాటి నుంచి పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళలా పోతోంది. ఒళ్ళు కాలుతోంది.

"పళ్ళ విరేచనాలే, కంగారు పడకు" అన్నాను. "పన్ను బయటికొస్తే అవే కడతాయి. మధ్యలో ఆపకూడదు, వేడి లోపలే ఉండిపోతుంది."

"ఇంత జ్వరమేంటమ్మా? పళ్ళొస్తే ఇంత కాలుద్దా?"

"మీ ఇద్దర్నీ పెంచింది నేనా, నువ్వా? చాల్లే, నువ్వొచ్చి నాకు చెప్పేంతదానివైపోయావు."

నర్సు సిల్వియా గారు టీకాల పని మీద మా వీధికొచ్చి, శిరీష చెబితే లోపలికి వచ్చి పాపని చూశారు. థర్మామీటరు పెట్టి చూసి ఆవిడ మొహం చిట్లించారు.

"పళ్ళకి ఇలా అవ్వదండీ పెద్దింటమ్మ గారూ. ఈ ఓఆర్‌ఎస్ పొడి పొట్లం మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, విరేచనం అయినప్పుడల్లా చెంచాతో పట్టండి. ఈ జింకు మాత్ర రోజుకొకటి, విరేచనాలు తగ్గినా పధ్నాలుగు రోజులూ వెయ్యాలి. తల్లిపాలు మాత్రం అస్సలు ఆపొద్దు. కళ్ళు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, పిల్ల మత్తుగా ఉన్నా, విరేచనంలో నెత్తురు పడినా ఇక్కడ కూర్చోకండి. వెంటనే ఏలూరు తీసుకుపోండి. బండి మీ రాంబాబుకి ఉందిగా."

"అలాగేనండీ" అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో! ఆవిడ సందు మలుపు తిరగగానే ఆ పొట్లాల్ని తీసి పైన గూట్లో పడేశాను. పెళ్ళయి పిల్లలైనా కాలేదు, నాకు చెప్పడానికొచ్చిందని గొణిగాను కూడా. పైగా, పాలు తాగితే ఇంకా పలచగా పోతుందని శిరీష చేత పాలు మాన్పించాను. నీళ్ళ బార్లీ చెంచాడు చెంచాడు పోశాను. తల్లికి పాలు గడ్డకట్టి నొప్పెడుతుంటే "ఓర్చుకో" అన్నాను. బిడ్డ పాల కోసం తల తిప్పుకుంటూ వెతుక్కుంటుంటే నేనెత్తుకుని అవతలికి తీసుకుపోయాను. దాని ఏడుపు ఇంటిల్లిపాదికీ వినపడింది. ఊళ్ళో బిడ్డల ఏడుపుకి అర్థం చెప్పే నాకు అది ఆకలి ఏడుపని తెలియలేదా? తెలిసింది. తెలిసే తీసుకుపోయాను.

మర్నాడు పొద్దున్న శిరీష అడిగింది. "అమ్మా, అన్నయ్యకి ఫోన్ చెయ్యవే. ఏలూరు తీసుకెళ్దాం. దీనికి బాగోలేదు."

"లోడులో ఉన్నాడు. ఫోను తగలట్లేదు" అన్నాను.

"వేరే ఆటోనన్నా పిలువు."

"పొద్దుటిపూట ఎవడుంటాడే! సాయంత్రం చూద్దాంలే. రేపటికి పన్ను కనపడితే నువ్వే నవ్వుకుంటావు."

ఊళ్ళో ఇంకో రెండు ఆటోలున్నాయి. అడగలేదు. ఎందుకడగలేదో నాకిప్పుడు తెలుసు. ఆసుపత్రి అంటే ఎవరో ఒకరు ఆ మాట మోసుకెళ్ళి రాంబాబుకి చెబుతారు, వాడు పరిగెత్తుకొస్తాడు, పాపని చూసేస్తాడు. బుధవారం ఇంకా రాలేదు. నా లెక్కంతా బుధవారం మీదే నడుస్తోంది. ఒళ్ళో బిడ్డ వాడిపోతుంటే నేను ఇంకెక్కడో ఉన్న గండానికి కాపలా కాశాను.

మధ్యాహ్నానికి పాప ఏడవడం మానేసింది. నేను హమ్మయ్య అనుకున్నాను. శిరీష మాత్రం పాప గుడ్డ పట్టుకుని చూసి "అమ్మా, ఇది తెల్లారినప్పట్నించీ తడవలేదే" అంది. తర్వాత పాప మొహం తన వైపు తిప్పుకుంది. కళ్ళు గుంటల్లోకి పోయాయి. పెదాలు ఎండి అంటుకుపోయాయి. ఊపితే తల ఊగుతోందే కానీ కళ్ళు నిలవడం లేదు.

నా కూతురు చెప్పులైనా వేసుకోకుండా బిడ్డని భుజాన వేసుకుని బయటికి పరిగెత్తింది. రోడ్డెక్కాలంటే చెరువుగట్టు మీదుగానే దారి. నేను "ఆగవే, ఆగవే" అంటూ వెనకాల పడ్డాను. ఎందుకు ఆగమన్నానంటారా? ఆ గట్టు మీదే షెడ్డుంది.

షెడ్డు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. దాని నీడలో కూర్చుని రాంబాబు నేను పంపిన క్యారేజీలో అన్నం కలుపుకుంటున్నాడు.

శిరీష ఆగిపోయింది. వాడిని చూసింది, క్యారేజీని చూసింది, వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నా బతుకులో చాలామంది నన్ను తిట్టారు, బజార్లో జుట్టు పట్టుకుని కొట్లాడినవాళ్ళూ ఉన్నారు. ఆ చూపు ముందు అవేమీ లెక్కలోకి రావు. నా తల కొట్టేసినట్టయింది.

"గణపవరమా అమ్మా ఇది?" అంది అంతే.

రాంబాబు క్యారేజీ వదిలేసి లేచాడు. ఎంగిలి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూనే బండి స్టార్టు చేశాడు. "ఎక్కు చెల్లీ, ఎక్కు" అని అరిచాడు. నా మాట కోసమో ఏమో, తల మాత్రం రోడ్డు వైపే ఉంచాడు. మేమిద్దరం వెనక మేత బస్తాల మధ్య కూర్చున్నాం. దారంతా గతుకులు. శిరీష ఆ గతుకుల్లోనే పాప నోటికి పాలు అందించడానికి చూస్తోంది. పాప పట్టుకోలేకపోతోంది. అంత జరుగుతున్నా నా ప్రాణం దేనికి కుదుటపడిందో తెలుసా? వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి పాపని చూడలేదని. థూ, నేనూ ఒక మనిషినేనా?

ఏలూరులో పిల్లల ఆసుపత్రి. డాక్టర్ తరన్నుమ్ గారు చిన్నావిడే. పాప పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలారు. మడత వెంటనే సర్దుకోలేదు, మెల్లగా, బద్ధకంగా దిగింది. ఆవిడ నర్సుని కేకేశారు. ఇక ఎవరూ మాతో మాట్లాడలేదు. చేతికి సూది దొరకడం లేదని ఇద్దరు పట్టుకున్నారు. పాప మూలిగింది కానీ కంట్లో చుక్క నీరు రాలేదు. సెలైన్ ఎక్కడం మొదలయ్యాక డాక్టరు గారు మా వైపు తిరిగారు.

"ఎప్పట్నించండీ విరేచనాలు?"

శిరీష చెప్పింది.

"మరి ఇప్పటిదాకా ఏం చేశారు?"

శిరీష నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు ఎక్కువ దెబ్బ. నేనే నోరు తెరిచాను. "పళ్ళొస్తున్నాయనుకున్నామండీ. పై పన్ను. పళ్ళకి జ్వరం, విరేచనాలు మామూలే కదండీ. మా పిల్లలకీ అయ్యాయి."

ఆవిడ కోప్పడతారనుకున్నాను. కోప్పడితే నేనూ రెండు అనేసి తేలికపడేదాన్ని. ఆవిడ పాప పెదవి పైకెత్తి టార్చి వేసి చూశారు.

"వస్తోందండీ, నిజమే. పైదే ముందొస్తోంది. కొందరు పిల్లలకి అలా వస్తాయి, దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. పన్ను వస్తే చొంగ కారుద్ది, చిగురు ఉబ్బుద్ది, పేచీ పెడతారు, దొరికింది కొరుకుతారు. ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు. గడ్డం కింద ఎర్రదనం ఉంది చూశారూ, అది చొంగ వల్లే, దానికి భయం లేదు. కానీ పాపకి జ్వరం నూట రెండుంది. అది పన్ను పని కాదు. నీళ్ళ విరేచనాలు పన్ను పని కాదు. ఒళ్ళంతా దద్దుర్లొచ్చినా, వాంతులైనా, పాలు తాగకపోయినా పన్నని సరిపెట్టుకోకూడదండీ. ఇది పేగుల్లో ఇన్‌ఫెక్షన్."

"మరి రెండూ ఒకేసారి..."

"ఈ వయసులోనే పళ్ళొస్తాయి, ఈ వయసులోనే పాకుతారు, కనపడిందల్లా నోట్లో పెట్టుకుంటారు. పైగా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన రక్షణ కూడా ఈ టైములోనే తగ్గుద్ది. అందుకని రెండూ కలిసి కనపడతాయి, అంతేనండీ. బొమ్మలవీ ఏ నీళ్ళతో కడుగుతారు?"

రేవులో ముంచి అందించిన రబ్బరు చేప కళ్ళ ముందు ఆడింది. నా నోరు మూతపడటం మా శిరీష పుట్టాక చూడటం అదే మొదటిసారేమో.

"పాలెందుకు ఆపారు?" అని శిరీషని అడిగారు ఆవిడ.

నా కూతురు "తప్పయిపోయిందండీ" అంది. నా తప్పు తన నెత్తిన వేసుకుంది. నేనే ఆపించానని చెప్పాలి కదా! గొంతు దాకా వచ్చింది. డాక్టరు గారి ముందు, నర్సుల ముందు, పక్క మంచం వాళ్ళ ముందు చిన్నబోవాల్సి వస్తుందని మింగేశాను. ఆమె శిరీషకి చీవాట్లు పెట్టి వెళ్ళిపోయారు. నేను గోడకి ఆనుకుని నిలబడి, నా కూతురు నా బదులు తిట్లు తింటుంటే విన్నాను.

రెండో సీసా సగం దిగాక పాప గుడ్డ తడిపింది. నర్సు నవ్వుతూ చూపించింది. ఉచ్చ పోసిందని ఒక మనిషి అంతలా ఏడుస్తుందా? శిరీష మంచం పట్టె మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను వీపు మీద చెయ్యి వెయ్యబోతే భుజం విదిలించుకుంది.

"చిన్నప్పట్నించీ వింటున్నానమ్మా" అంది, తల ఎత్తకుండానే. "మామయ్యని నేను మింగేశానంట. పెళ్ళిళ్ళకెళ్తే ఎవరో ఒకరు అనేవారు. తుఫాను వచ్చి పడవ తిరగబడితే నా పళ్ళేం చేశాయమ్మా? నువ్వొక్కసారన్నా వాళ్ళని ఆపావా? ఊరందరి మీదా లేచే నోరు అప్పుడెందుకు లేవలేదు?"

నిజమే, ఎప్పుడూ ఆపలేదు. వాళ్ళు అన్నది నేనూ లోపల నమ్మాను కాబట్టి.

"ఇప్పుడు దీన్ని కూడా అంటావు. అన్నయ్యకి ముల్లు గుచ్చుకున్నా దీని మీదకే తోస్తావు. అన్నయ్య కావాలి నీకు. నేనూ నా కూతురూ ఏమైపోయినా పర్లేదు."

"అలా అనకే" అన్నాను. కాదని గట్టిగా ఎలా అనను? ఆ పొద్దున్న ఫోను తగలట్లేదన్న నోరు ఇదేగా.

మర్నాడు పాప తేరుకుంది. పాలు తాగింది, ఓఆర్‌ఎస్ చెంచాతో పడితే చప్పరించింది, ఇంకోటి కావాలని నోరు తెరిచింది. విరేచనాలు పూర్తిగా కట్టలేదు కానీ, జ్వరం దిగిపోయింది. ఇంకొన్నాళ్ళు అటూఇటూగా ఉంటుంది, నీళ్ళు తగ్గకుండా చూసుకోండన్నారు డాక్టరు గారు. ఆవిడని ఆపి చెప్పాను, "పాలు మాన్పించింది నేనండీ, మా అమ్మాయి కాదు" అని. చెప్పడానికి ఒక రాత్రి పట్టింది. ఆవిడ తలూపి, "ఇక ఆపకండి" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. శిరీష విన్నదో లేదో తెలియదు.

సాయంత్రం రాంబాబు ఇడ్లీల పొట్లం పట్టుకుని వార్డు గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. పొట్లం చెయ్యి చాచి లోపలికి అందించి, మొహం వరండా వైపు తిప్పుకుని నిలబడ్డాడు. అంతటి మనిషి, పది బస్తాలు ఆయాసం లేకుండా ఎక్కించేవాడు, పసిపిల్లకి మొహం చాటేసి నిలబడటం చూస్తే నాకే సిగ్గేసింది. వాడికి ఆ భయం పెట్టింది నేనే.

"అన్నయ్యా, లోపలికి రా" అంది శిరీష.

"పర్లేదు చెల్లీ, ఇక్కడే ఉంటాలే."

"రా అంటున్నానా!"

వాడు వచ్చాడు. శిరీష పాపని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టింది. వాడు నా వైపు చూశాడు.

"అమ్మని కాదు, దీన్ని చూడు. నీ మేనకోడలు. చచ్చి బతికింది. నోట్లో చూడు, పన్నెక్కడుందో నువ్వే చెప్పు."

నేను మంచానికి ఇటుపక్క స్టూలు మీద ఉన్నాను. మనసులో గట్టిగా అనుకుంటున్నాను. డాక్టరు గారు చెప్పారు. పన్ను ఎవరినీ ఏమీ చెయ్యదు. తుఫాను వేరు, పన్ను వేరు. అంతా అర్థమైంది నాకు, ఎదురుగా సెలైన్ స్టాండు కూడా ఉంది. చూడనీ, వాడి మేనకోడల్ని వాడు చూసుకోనీ అనుకున్నాను. రాంబాబు మోకాళ్ళ మీద కూర్చుని మొహం దగ్గరికి తెచ్చాడు. వాడి మీసం చూసి పాపకి నవ్వొచ్చింది, నోరు బార్లా తెరిచింది.

నా చెయ్యి వెళ్ళి ఆ నోరు మూసేసింది.

నేను వెళ్ళమనలేదు. అదే వెళ్ళింది. పాప వెచ్చటి చొంగ నా అరచేతికి తగిలేదాకా ఏం చేశానో నాకు తెలియలేదు. రాంబాబు అలాగే బిగుసుకుపోయాడు. శిరీష నా మణికట్టు పట్టుకుని, అరవకుండా, తోసెయ్యకుండా, మెల్లగా తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వు బయట కూర్చో అమ్మా" అంది.

ఊళ్ళో అందరికీ బదులు చెప్పేదాన్ని, కూతురు వెళ్ళమనగానే లేచాను. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల రాంబాబు గొంతు వినపడింది, "ఓసినీ, కనపడింది చెల్లీ, తెల్లగా!" అని. శిరీష నవ్వుతోంది. ఆ నవ్వులోకి వెళ్ళడానికి నాకు మొహం లేదు. నేను బయట రెండు చేతులూ జోడించి, నా కొడుక్కి ఏమీ కాకూడదని అమ్మవారికి దండం పెట్టుకుంటున్నాను. సిగ్గు లేదా అంటే ఉంది, చచ్చేంత ఉంది. అయినా చేతులు దిగలేదు.